ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, దాని మీద లోన్ తీసుకోవాలా? ఒక్క శాతం దగ్గర మనం పొరపడే లెక్క

2017లో నాన్నకి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. మూడున్నర లక్షలు కట్టమని, రెండు రోజుల టైమ్ ఇచ్చారు. నాన్న పేరు మీద 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2014లో మూడేళ్లకి 9 శాతం మీద వేసింది. బాండ్ వెనక నాన్న చేత సంతకం పెట్టించుకుని, బ్యాంకుకి పరిగెత్తి, క్యాన్సిల్ చేయించి డబ్బు తెచ్చాను. ఆపరేషన్ అయింది, నాన్న క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ హడావిడిలో ఇంకేం ఆలోచించలేదు.

నెల తర్వాత కాగితాలు సర్దుతుంటే ఆ బాండ్ జిరాక్స్ కనబడింది. మెచ్యూరిటీ తేదీ చూశాను. నేను క్యాన్సిల్ చేయించిన రోజుకి ఇంకా పందొమ్మిది రోజులే మిగిలి ఉన్నాయి.

కూర్చుని లెక్క వేశాను. ముందే తీసినందుకు 1 శాతం పెనాల్టీ పడింది. ఆ 1 శాతం మిగిలిన పందొమ్మిది రోజుల మీద పడలేదు, గడిచిపోయిన దాదాపు మూడేళ్ల మీద పడింది. 9 శాతం బదులు 8 శాతం లెక్కన వడ్డీ ఇచ్చారు. పోయింది దాదాపు 15 వేలు. అదే డిపాజిట్ మీద 10 శాతానికి మూడున్నర లక్షలు లోన్ తీసుకుని ఉంటే, పందొమ్మిది రోజులకి వడ్డీ 1,822 రూపాయలు అయ్యేది. అన్ని రోజులకీ ఆ మూడున్నర లక్షల మీద డిపాజిట్ వైపు నుంచి 1,640 రూపాయలు వచ్చేవి. అంటే చేతి నుంచి నిజంగా పోయేది 200 రూపాయల లోపు.

కౌంటర్‌లో ఉన్నాయన ఈ మాట చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికే గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర పదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను, అయినా అడగాలని తోచలేదు. ఆ 15 వేలు నాన్న మూడేళ్లు కదిలించకుండా ఉంచిన డబ్బు మీద వచ్చిన వడ్డీ. అది ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఆ తర్వాత ఈ విషయం అడిగిన ప్రతి ఒక్కరితో కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటున్నాను.

ఎవరితో కూర్చున్నా మొదట వచ్చే మాట ఒకటే. "నా డబ్బు నేను తీసుకోవడానికి నేనే వడ్డీ కట్టాలా? అదీ నాకిచ్చే వడ్డీ కన్నా ఒక శాతం ఎక్కువా?" ఈ మాటలో న్యాయం ఉంది. బ్యాంకు మన డబ్బునే తాకట్టు పెట్టుకుని, మనకిచ్చే రేటు కన్నా ఎక్కువకి మనకే అప్పిస్తోంది. వినడానికి బాగోదు. కానీ ఆ కోపంలో రెండు రేట్లను పక్కపక్కన పెట్టి చూసి, లోన్ రేటు ఎక్కువ కాబట్టి బ్రేక్ చేయడమే లాభం అని తేల్చేస్తాం. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఎందుకంటే బ్రేక్ చేయడానికీ ఒక ధర ఉంది. అది రేటు రూపంలో మన కళ్ల ముందుకు రాదు.

బ్రేక్ చేస్తే పడే కోత వెనక్కి చూస్తుంది. ఇప్పటిదాకా గడిచిన నెలలన్నిటి వడ్డీలో నుంచి, డిపాజిట్ మొత్తం మీద, ఒకేసారి కోస్తారు. లోన్ ఖర్చు ముందుకి చూస్తుంది. తీసుకున్న మొత్తం మీద, వాడుకున్నన్ని రోజులకి మాత్రమే పడుతుంది. అందుకే రేట్లు పోల్చి లాభం లేదు. డిపాజిట్ వేసి ఎన్నాళ్లయింది, డబ్బు ఎన్నాళ్లకి కావాలి అన్న రెండు కాలాలను పోల్చాలి.

ముందుగా బ్రేక్ చేస్తే బ్యాంకు ఏం చేస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఇందులో సగమే తెలుసు. పెనాల్టీ అర శాతమో ఒక శాతమో ఉంటుందని అందరికీ తెలుసు. కొన్ని బ్యాంకుల్లో 5 లక్షల వరకు అర శాతం, దాటితే ఒక శాతం. తెలియంది దానికి ముందున్న మెట్టు. మీరు మూడేళ్లకి 7 శాతం మీద వేశారు, రెండున్నరేళ్లకి తీస్తున్నారు అనుకోండి. అప్పుడు 7 శాతంలో నుంచి అర శాతం తీసేసి ఇవ్వరు. మీరు డిపాజిట్ వేసిన రోజున రెండున్నరేళ్ల కాలానికి ఆ బ్యాంకులో ఎంత రేటు ఉందో చూస్తారు. అది, మీకు రాసిచ్చిన రేటు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిలో నుంచి పెనాల్టీ తీసేస్తారు. కాబట్టి రెండు కోతలు పడొచ్చు. కాలం తగ్గినందుకు ఒకటి, ముందే తీసినందుకు ఇంకొకటి. ఇక్కడ ఇంకో పొరపాటు కూడా చూశాను. కొందరు ఇవాళ్టి రేట్ల పట్టిక చూసి లెక్క వేసుకుంటారు. చూడాల్సింది డిపాజిట్ వేసిన రోజు పట్టిక.

నాలుగు నెలల కిందట అక్క ఫోన్ చేసింది. మేనల్లుడి ఇంజనీరింగ్ ఫీజు, హాస్టల్ కలిపి 2 లక్షలు కట్టాలి. వాళ్ల చీటీ డబ్బు నాలుగు నెలల్లో వస్తుంది. బావ పేరు మొదట, అక్క పేరు రెండోది పెట్టి 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2023లో మూడేళ్లకి 7 శాతం మీద వేశారు, వడ్డీ మధ్యలో తీసుకోకుండా కలుపుకుంటూ పోయే రకం. అప్పటికి సరిగ్గా రెండున్నరేళ్లు నిండాయి.

"బ్యాంకులో లోన్ అయితే 8 శాతం అంటున్నారు తమ్ముడూ. మన డబ్బుకి మనమే వడ్డీ ఎందుకు కట్టాలి, తీసేద్దామని మీ బావ అంటున్నారు," అంది.

"బావని ఒక్క పని చేయమను అక్కా. ఇవాళ తీసేస్తే చేతికి ఎంత వస్తుందో బ్యాంకులో అడిగి, ఆ అంకె నాకు చెప్పమను," అన్నాను.

ఈ ఒక్క అంకె అడగడం చాలా ముఖ్యం. పెనాల్టీ ఎంత అని అడిగితే "అర శాతం అండీ" అంటారు, అది విని మనం ఊరుకుంటాం. ఇవాళ క్లోజ్ చేస్తే వచ్చే మొత్తం ఎంత అని అడిగితే రెండు కోతలూ అందులోనే తేలిపోతాయి. చాలా బ్యాంకుల యాప్‌లో క్లోజ్ చేసే పేజీలోకి వెళ్తే, చివరి బటన్ నొక్కే ముందు ఆ మొత్తం కనబడుతుంది. అక్కడిదాకా వెళ్లి, అంకె రాసుకుని వెనక్కి వచ్చేయొచ్చు.

బావ అడిగి చెప్పిన అంకె 5,84,572. రెండున్నరేళ్ల కాలానికి అప్పటి రేటు 6.8 శాతం, అందులో అర శాతం పోతే 6.3. ఆ లెక్కన కట్టారు. 7 శాతం లెక్కన ఇవాళ్టికి ఆ డిపాజిట్ 5,94,722 అయి ఉండాలి. తేడా 10,150 రూపాయలు. అక్కావాళ్లకి కావాల్సింది 2 లక్షలే, కానీ కోత పడేది 5 లక్షలు రెండున్నరేళ్లలో సంపాదించిన వడ్డీ మొత్తం మీద.

ఇప్పుడు లోన్ వైపు చూద్దాం. 2 లక్షలకి 8 శాతం చొప్పున నాలుగు నెలలకి, అంటే 120 రోజులకి, వడ్డీ 5,260 రూపాయలు. నెలకి 1,315 దాకా పడుతుంది. ఇది చూసి బావ, "ఐదు వేలు కట్టడం నష్టం కాదా?" అన్నారు. నష్టమే, డిపాజిట్ అక్కడ ఊరికే పడి ఉంటే. కానీ అది ఆగదు. లోన్ తీసుకున్నా మొత్తం 5.94 లక్షల మీదా 7 శాతం వస్తూనే ఉంటుంది. మన పల్లెటూరి లెక్కలో చెప్పాలంటే, నూటికి నెలకి 58 పైసలు వస్తున్న చోట 67 పైసలు కడుతున్నాం. తేడా 9 పైసలు కూడా లేదు. అదే 2 లక్షలు ఊళ్లో చేబదులు తెస్తే రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకి 4 వేలు.

రెండు దారులనూ డిపాజిట్ మెచ్యూరిటీ రోజు దాకా తీసుకెళ్లి చూస్తేనే తేడా సరిగ్గా తెలుస్తుంది. ఇవాళ్టి నుంచి ఆరు నెలల తర్వాత అనుకుందాం.

లోన్ తీసుకుంటే డిపాజిట్ తన దారిన తను నడిచి 6,15,720 అవుతుంది. నాలుగో నెలలో చీటీ డబ్బుతో 2 లక్షలు తీర్చేశారు. మధ్యలో కట్టిన వడ్డీ 5,260 తీసేస్తే 6,10,460 మిగులుతుంది.

బ్రేక్ చేస్తే 5,84,572లో 2 లక్షలు ఫీజుకి పోగా 3,84,572 మిగిలింది. దాన్ని మళ్లీ ఆరు నెలలకి ఎఫ్‌డీ వేస్తే ఇప్పుడు వచ్చే రేటు 6 శాతం అనుకుందాం. అది 3,96,196 అవుతుంది. నాలుగో నెలలో వచ్చిన చీటీ డబ్బు 2 లక్షలు రెండు నెలలు సేవింగ్స్‌లో ఉంటే మరో 800 రూపాయలు. మొత్తం దాదాపు 5,97,000.

తేడా 13,400 రూపాయలు. ఇందులో 10 వేలు కోత, మిగిలింది 7 శాతం డిపాజిట్‌ని చేజార్చుకుని తక్కువ రేటుకి మళ్లీ వేసుకున్నందుకు పోయింది. ఈ రెండోది లెక్కలోకి తీసుకునేవాళ్లు తక్కువ. 2025లో రిజర్వ్ బ్యాంకు తను బ్యాంకులకిచ్చే అప్పు మీద వేసే రెపో రేటుని 6.5 నుంచి 5.25 దాకా దించింది, దాంతో డిపాజిట్ రేట్లూ తగ్గాయి. 2023లో వేసిన 7 శాతం బాండ్ ఇప్పుడు తీసేస్తే, ఆ రేటు మళ్లీ దొరకడం కష్టం.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నేను కూడా సగం లెక్కే చెప్పినవాణ్ణవుతాను. ఎందుకంటే ఆ "ఒక్క శాతం తేడా" కూడా పూర్తి నిజం కాదు. మధ్యలో ఆదాయపు పన్ను ఉంది.

ఎఫ్‌డీ వడ్డీ మన ఆదాయంలో కలుస్తుంది, దాని మీద మన స్లాబు ప్రకారం పన్ను కట్టాలి. సొంత అవసరానికి తీసుకున్న లోన్ మీద కట్టిన వడ్డీని మాత్రం ఆ ఆదాయంలో నుంచి తీసేసుకోనివ్వరు. బావ 20 శాతం స్లాబులో ఉన్నారు, సెస్‌తో కలిపి 20.8. ఆయనకి 7 శాతం వడ్డీలో నిజంగా మిగిలేది 5.5 శాతమే. కట్టేది మాత్రం పూర్తిగా 8. అంటే తేడా ఒకటి కాదు, దాదాపు రెండున్నర. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి మిగిలేది 4.8, తేడా మూడు దాటిపోతుంది. బ్యాంకు బోర్డు మీద "డిపాజిట్ రేటు కన్నా ఒక్క శాతమే ఎక్కువ" అని ఉంటుంది. అది బ్యాంకు వైపు నుంచి నిజం. మన జేబు వైపు నుంచి చూస్తే అందరికీ ఒకటే కాదు. కొత్త పన్ను విధానంలో, 2025-26 నుంచి మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే పన్ను కట్టే పని లేదు కాబట్టి, అలాంటి వాళ్లకి మాత్రం ఆ ఒక్క శాతం ఒక్క శాతంగానే ఉంటుంది.

అక్కావాళ్ల లెక్కలో పన్ను కూడా కలిపాను. లోన్ దారిలో బావకి వచ్చే వడ్డీ 18,700 దాకా ఎక్కువ, దాని మీద పన్ను 3,900 ఎక్కువ పడుతుంది. 13,400లో అది పోయినా, ఇంకా 9,500 లోన్ వైపే మిగులుతోంది. అప్పుడు బావ ఒప్పుకున్నారు.

పన్ను కలిపాక బావకి 2 లక్షల లోన్ నెలకి నిజంగా పడే భారం 410 రూపాయలు. బ్రేక్ చేస్తే పోయే 10,150లో పన్ను ఆదా తీసేస్తే దాదాపు 8,000. ఎనిమిది వేలని 410తో భాగిస్తే 19 నెలలు దాటుతుంది. అంటే ఆ లోన్ పందొమ్మిది నెలలు ఉంచుకున్నా బ్రేక్ చేయడం కన్నా మేలే. ఇక్కడ డిపాజిట్ ఇంకా ఆరు నెలలే ఉంది. కాబట్టి చీటీ డబ్బు ఆలస్యమైనా వాళ్లు భయపడాల్సిన పని లేదు.

నాకు తెలిసినంతలో ఎవరైనా ఇంట్లో వేసుకోగలిగిన లెక్క ఇదే. బ్రేక్ చేస్తే పోయే మొత్తాన్ని, లోన్ నెలకి నిజంగా మోసే భారంతో భాగించండి. వచ్చేది నెలల సంఖ్య. అంతకన్నా ముందే తీర్చగలిగితే లోన్, తీర్చలేకపోతే బ్రేక్.

బ్రేక్ చేయడమే సరైన సందర్భాలు లేకపోలేదు. ఎప్పుడూ లోన్ తీసుకోమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మా వీధిలో ఒకాయన 3 లక్షలు ఐదేళ్లకి 6.5 శాతం మీద వేశాడు. మూడు నెలలు తిరిగేసరికి మేడ మీద గది వేసుకుందామనుకున్నాడు, రెండున్నర లక్షలు కావాలి. ఆ గది అద్దెకిచ్చి, ఆ అద్దెతో మెల్లగా తీర్చాలి. రెండేళ్లయినా పడుతుంది. ఆయనకి పన్ను కట్టేంత ఆదాయం లేదు. "ఎఫ్‌డీ కదపొద్దు, లోన్ తీసుకో" అని చుట్టాలంతా చెప్పారట.

లెక్క వేశాం. మూడు నెలల కాలానికి రేటు 5 శాతం, పెనాల్టీ పోతే 4.5. మూడు నెలలకి 6.5 లెక్కన 4,875 రావాలి, 4.5 లెక్కన 3,375 వస్తుంది. పోయేది 1,500. లోన్ అయితే రెండున్నర లక్షల మీద ఒక శాతం తేడా, ఏడాదికి 2,500, నెలకి 208. 1,500ని 208తో భాగిస్తే ఏడు నెలలు. ఆయనకి కావాల్సింది రెండేళ్లు. బ్రేక్ చేయమన్నాను, చేశాడు. డిపాజిట్ వేసి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి కోసుకోవడానికి వెనక వడ్డీయే లేదు. అవసరం ముందు చాలా దూరం ఉంది. ఈ రెండూ కలిసినప్పుడు లోన్ దండగ.

అసలు తిరిగి తీర్చే ఆలోచనే లేని ఖర్చులకి కూడా ఇదే మాట. చేతికి వేరే డబ్బు వచ్చే దారి లేనప్పుడు, లోన్ తీసుకుని మెచ్యూరిటీ నాడు అందులోనే పట్టుకుంటారులే అనుకుంటే, ఆ తేడా చివరి దాకా మోస్తూనే ఉంటాం. మెచ్యూరిటీ దగ్గరగా ఉంటే ఫరవాలేదు, నాన్న డిపాజిట్‌లాగా. మూడేళ్ల దూరంలో ఉంటే మాత్రం లెక్క వేసి చూసుకోవాలి. రేట్లు పెరిగినప్పుడు కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. అంతకు ముందు ఐదు శాతం దగ్గర ఐదేళ్లకి కట్టేసుకున్నవాళ్లకి అప్పుడు పాత బాండ్ పట్టుకుని కూర్చోవడం కన్నా, పెనాల్టీ కట్టి కొత్త రేటుకి వేసుకోవడమే నయమైంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఒక మాట. ఎన్ఆర్ఈ ఎఫ్‌డీని ఏడాది నిండకుండా తీస్తే అసలు వడ్డీయే ఇవ్వరు. పదకొండో నెలలో అవసరం పడితే, బ్రేక్ చేస్తే పదకొండు నెలల వడ్డీ మొత్తం పోతుంది. అక్కడ లెక్క వేసే పని కూడా లేదు, ఆ ఒక్క నెల లోన్‌తో గడిపేయడమే దారి.

ఇక లోన్ తీసుకోవాలని తేల్చుకున్నాక బ్యాంకులో ఏం జరుగుతుందో చెప్తాను. చాలా బ్యాంకులు డిపాజిట్ విలువలో 90 శాతం దాకా ఇస్తాయి. జీతం స్లిప్పులు, జామీను అడగరు. బాండ్ ఇస్తే దాని మీద సంతకం పెట్టించుకుని, డిపాజిట్ మీద లీన్ వేస్తారు. అంటే లోన్ తీరేదాకా ఆ డబ్బు కదలకుండా తాళం వేసినట్టు. జాయింట్ పేర్ల మీద ఉంటే లోన్ కాగితాల మీద సాధారణంగా అందరి సంతకాలూ అడుగుతారు. అక్కావాళ్లకి అందుకే రెండుసార్లు తిరగాల్సి వచ్చింది, మొదటిసారి బావ ఒక్కరే వెళ్లారు. పన్ను ఆదా కోసం వేసే ఐదేళ్ల ఎఫ్‌డీ మీద మాత్రం లోన్ ఇవ్వరు, దాన్ని మధ్యలో తీయనివ్వరు కూడా.

లోన్ రెండు రకాలుగా ఇస్తారు. మొత్తం ఒకేసారి చేతికిచ్చే డిమాండ్ లోన్ ఒకటి, ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ, ఒకటి. అడగకపోతే కొన్ని చోట్ల మొదటిదే ఇచ్చేస్తారు. నేను ఎవరికైనా ఓడీనే అడగమంటాను. 2 లక్షల లిమిట్ పెట్టుకుని, వాడుకున్నంత మీద, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. అక్క మొదట లక్షా ఇరవై వేలు కాలేజీకి కట్టింది. హాస్టల్ డబ్బు నెల తర్వాత కట్టమన్నారు. ఆ 80 వేల మీద నెల రోజులు వడ్డీ పడలేదు, ఐదు వందల పైన మిగిలింది. బావకి జీతం పడ్డాక ఓ 20 వేలు ఓడీలో వేసి ఉంచారు, అవసరమైనప్పుడు మళ్లీ తీసుకున్నారు. డిమాండ్ లోన్‌లో ఈ వెసులుబాటు ఉండదు.

ఓడీలో వడ్డీ నెల నెలా ఖాతాలో పడుతుంది. కట్టకుండా వదిలేస్తే అది అసలులో కలిసిపోయి దాని మీద మళ్లీ వడ్డీ పడుతుంది. డిపాజిట్‌కి మూడు నెలలకోసారి కలుస్తుంది, లోన్‌కి నెలకోసారి కలుస్తుంది. రేటూ లోన్‌దే ఎక్కువ. వడ్డీ కలుపుకుంటూ పోయే డిపాజిట్ అయితే అటు కూడా పెరుగుతుంది కాబట్టి వెంటనే ఇబ్బంది రాదు. కానీ పెద్దవాళ్లు చాలామంది నెల నెలా వడ్డీ చేతికి తీసుకునే ఎఫ్‌డీలు వేసుకుంటారు. అక్కడ డిపాజిట్ పెరగదు, అప్పు మాత్రం పెరుగుతుంది. 90 శాతం తీసుకుని వడ్డీ కట్టకుండా వదిలేస్తే ఏడాదిన్నర లోపే అప్పు డిపాజిట్‌కి సమానమవుతుంది. అంతకు ముందే బ్యాంకు నోటీసు పంపి, డిపాజిట్‌ని అప్పుకి జమ చేసుకునే పరిస్థితి వస్తుంది. అమ్మానాన్నల పేరు మీద అలాంటి ఎఫ్‌డీ ఉంటే, నెలకి వచ్చే వడ్డీని ముందు ఓడీ వడ్డీకి జమ చేసే ఏర్పాటు చేసుకోవడం మంచిది. పూర్తిగా సరిపోకపోయినా పై పైసలే చేతి నుంచి పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇంకొకటి, నేను పడ్డ ఇబ్బంది. నాలుగేళ్ల కిందట నేను తీసుకున్న ఓడీ మొత్తం తీర్చేశాను, బ్యాలెన్స్ సున్నా అయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. డిపాజిట్ మెచ్యూర్ అయిన రోజు డబ్బు ఖాతాలో పడలేదు. బ్రాంచ్‌కి వెళ్తే లీన్ ఇంకా తీయలేదన్నారు. ఓడీ లిమిట్ క్లోజ్ చేయమని రాసివ్వలేదు కాబట్టి అది బతికే ఉందట. రాసిచ్చి, లీన్ తీయించి, డబ్బు వచ్చేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఒకచోట కట్టాల్సిన డబ్బుకి మాట పడ్డాను, ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దు. లోన్ తీరిన రోజే క్లోజ్ చేయమని కాగితం ఇవ్వండి. తర్వాత యాప్‌లో డిపాజిట్ వివరాలు తెరిస్తే లీన్ మొత్తం కనబడుతుంది. అది సున్నా చూసేదాకా పని అయినట్టు కాదు.

అక్కతో చివర్లో ఇంకో మాట చెప్పాను. ఈ మొత్తం చిక్కు 5 లక్షలు ఒకే బాండ్‌గా ఉండటం వల్ల వచ్చింది. కొన్ని బ్యాంకులు కొంత భాగం మాత్రమే తీసుకోనిస్తాయి, వాళ్ల బ్యాంకు ఆ ఎఫ్‌డీకి ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే 2 లక్షల వరకే కోత పడేది, అది 3,500 రూపాయల దగ్గర తేలింది. నాలుగు నెలలకి అప్పటికీ లోనే నయం, కానీ మెచ్యూరిటీ ఇంకా దూరంగా ఉండి, డబ్బు ఏడెనిమిది నెలలు కావాల్సి వస్తే బ్రేక్ చేయడమే మేలయ్యేది. అదే డబ్బుని లక్ష చొప్పున ఐదు బాండ్లుగా వేసి ఉంటే ఏ బ్యాంకులోనైనా ఈ వీలు వాళ్ల చేతిలోనే ఉండేది, రెండు బాండ్లు తీసుకుని మూడింటిని కదపకుండా ఉంచేవాళ్లు.

ఈ డిపాజిట్ ఇంకో రెండు నెలల్లో మెచ్యూర్ అవుతుంది. చీటీ డబ్బు చెప్పిన నెలకే వచ్చింది, ఓడీ తీర్చేశారు, లీన్ తీసేశారని యాప్‌లో చూసి అక్క స్క్రీన్‌షాట్ పంపింది. ఈసారి ఆరు లక్షల పైచిలుకు ఎలా వేయాలో రాసివ్వమని బావ అడిగారు. లక్షలక్షగా ఆరు బాండ్లు, తేదీలు వేరు వేరుగా ఉండేలా, ఒక కాగితం మీద రాసిచ్చాను.